శ్వాసక్రియ లెక్కల్లో స్థూల ఏటీపీ, నికర ఏటీపీ: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో నారాయణగూడ దగ్గర ఒక జూనియర్ కళాశాలలో ద్వితీయ సంవత్సరం విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఒక యూనిట్ పరీక్షలో ఇలా అడిగాను: "కండర కణంలో ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందింది. గ్లైకాలసిస్‌లో వచ్చిన ఎన్ఏడీహెచ్‌లు గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్ ద్వారా మైటోకాండ్రియాలోకి చేరాయి. నికర ఏటీపీ ఎంత?" జవాబు 36. వరసగా దిద్దిన మూడు పేపర్లలోనూ 36 అనే ఉంది. మార్కులు వేసేసి, తర్వాత వాళ్లు చేసిన లెక్క చదివాను. ముగ్గురూ మూడు దారుల్లో వచ్చారు. ఒకరి దారి మాత్రమే సరైనది. మిగతా ఇద్దరూ వేర్వేరు తప్పులు చేశారు, ఆ తప్పులు యాదృచ్ఛికంగా వాళ్లను సరైన అంకె దగ్గరే దించాయి.

అప్పటి నుంచి ఈ లెక్కల్లో జవాబు కన్నా ముందు దారి చూస్తున్నాను. పిల్లలు తరగతిలో, సాయంత్రం సందేహాల సమయంలో నన్ను అడిగినవే ఈ కింది ప్రశ్నలు. విడిగా చెప్పిన చోట తప్ప, మన పాఠ్యపుస్తకం పద్ధతిలోనే ఒక ఎన్ఏడీహెచ్‌కు 3, ఒక ఎఫ్ఏడీహెచ్2కు 2 ఏటీపీలుగా లెక్కించాను.

స్థూలం, నికరం అంటే ఏమిటి?

తయారైన ఏటీపీ మొత్తం స్థూలం. అందులోంచి ఆ మార్గంలోనే ఖర్చయిన ఏటీపీని తీసేస్తే మిగిలేది నికరం. ఖర్చు లేని చోట రెండూ ఒకటే. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, కింద చాలా చిక్కులు దానితోనే విడిపోతాయి.

గ్లైకాలసిస్‌కు ఒక చోట 2, ఒక చోట 4, మరో చోట 8, ఇంకో చోట 10 అని ఉంది. ఏది సరైనది?

నాలుగూ సరైనవే. నాలుగు వేర్వేరు ప్రశ్నలకు అవి జవాబులు.

ముందు ఖర్చు చూద్దాం. గ్లూకోజ్ కణంలోకి రాగానే హెక్సోకైనేజ్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ వస్తుంది. ఆ ఫాస్ఫేట్ ఒక ఏటీపీ నుంచి వచ్చింది. అది ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్‌గా మారాక, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ మరో ఏటీపీ ఖర్చుతో రెండో ఫాస్ఫేట్ చేరుస్తుంది. ఖర్చు ఈ రెండు చోట్లే, మొత్తం 2. ఈ రెండూ అణువు ఇంకా ఆరు కార్బన్లతో ఒక్కటిగా ఉండగానే జరుగుతాయి. అది రెండు ముక్కలైన తర్వాత గ్లైకాలసిస్‌లో ఖర్చు అన్నదే లేదు.

ఇప్పుడు రాబడి. మూడు కార్బన్ల ముక్క ఒక్కొక్కటి పైరువిక్ ఆమ్లం అయ్యేలోపు రెండు చోట్ల నేరుగా ఏటీపీ ఇస్తుంది: 1,3-బిస్‌ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లం దగ్గర ఒకటి, ఫాస్ఫోఈనోల్ పైరువిక్ ఆమ్లం దగ్గర ఒకటి. ముక్కలు రెండు కాబట్టి 4. దీన్నే అధస్థ పదార్థ స్థాయి ఫాస్ఫారిలేషన్ అంటాం. ఇది కాక ముక్కకు ఒక ఎన్ఏడీహెచ్ చొప్పున రెండు వస్తాయి. ఆక్సిజన్ ఉంటే ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థలో వాటికి 6 ఏటీపీలు.

నేరుగా వచ్చింది మాత్రమే అడిగితే స్థూలం 4, నికరం 2. ఎన్ఏడీహెచ్‌ల విలువ కూడా కలిపి అడిగితే స్థూలం 10, నికరం 8. అంటే ప్రశ్న చదివినప్పుడు మనం రెండు విషయాలు తేల్చుకోవాలి. ఖర్చు తీయమన్నారా అన్నది మొదటిది. ఎన్ఏడీహెచ్‌ను ఏటీపీగా మార్చమన్నారా అన్నది రెండోది. పిల్లలు మొదటిది పట్టించుకుని రెండోది వదిలేస్తారు. "స్థూలం" అన్న మాట కనిపించగానే 10 రాసేస్తారు. స్థూలం అంటే ఖర్చు తీయలేదని మాత్రమే అర్థం. ఎన్ఏడీహెచ్ గురించి ఆ మాట ఏమీ చెప్పదు.

సిట్రిక్ ఆమ్ల వలయంలో నికర ఏటీపీ ఎంత? అక్కడ కూడా 2 తీసేయాలా?

తీయకూడదు. వలయంలో ఏ మెట్టులోనూ ఏటీపీ ఖర్చు కాదు. కాబట్టి అక్కడ స్థూలం, నికరం ఒకటే.

ఎందుకు ఖర్చు కాదో తెలిస్తే ఈ మాట మరిచిపోరు. గ్లూకోజ్ తనంతట తాను చురుకైన అణువు కాదు. దాన్ని కదిలించడానికి, కణం నుంచి బయటికి జారిపోకుండా పట్టి ఉంచడానికి ఫాస్ఫేట్ తగిలించాలి. వలయంలోకి వచ్చే అసిటైల్ కో ఎంజైమ్ ఎ అలాంటిది కాదు. పైరువిక్ ఆమ్లం ఆక్సీకరణం చెందినప్పుడు విడుదలైన శక్తిలో కొంత, అసిటైల్ సమూహాన్ని కో ఎంజైమ్ ఎతో కలిపే థయోఎస్టర్ బంధంలో ముందే నిలువ ఉంది. ఆక్సాలో అసిటిక్ ఆమ్లంతో కలిసి సిట్రిక్ ఆమ్లం కావడానికి ఆ బంధం తెగడమే చాలు, ఏటీపీ అక్కర్లేదు. పైరువిక్ ఆమ్లం అసిటైల్ కో ఎంజైమ్ ఎగా మారే మధ్య చర్యలో కూడా ఏటీపీ ఖర్చు లేదు.

మొత్తం శ్వాసక్రియ లెక్కలో స్థూలానికీ నికరానికీ ఉన్న తేడా గ్లూకోజ్‌కు 2 మాత్రమే. ఆ రెండూ గ్లైకాలసిస్ మొదట్లోనే ఉన్నాయి.

మరి క్రెబ్స్ వలయానికి 2 అనీ, 24 అనీ, 30 అనీ ఎందుకు కనిపిస్తాయి? 2 నికరం, 24 స్థూలం అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఈ పొరపాటు నేను చాలా తరచుగా చూస్తాను. గ్లైకాలసిస్‌లో చిన్న అంకె నికరం కాబట్టి ఇక్కడా చిన్న అంకె నికరమే అని పిల్లలు ఊహిస్తారు.

వలయం ఒక్కసారి తిరిగితే మూడు ఎన్ఏడీహెచ్‌లు, ఒక ఎఫ్ఏడీహెచ్2, ఒక జీటీపీ వస్తాయి. జీటీపీని ఒక ఏటీపీకి సమానంగా లెక్కిస్తాం. అంటే 9, 2, 1 కలిపి 12. ఒక గ్లూకోజ్‌కు వలయం రెండుసార్లు తిరుగుతుంది కాబట్టి 24. అందులో నేరుగా వచ్చింది జీటీపీ రూపంలోని 2 మాత్రమే. కాబట్టి 2 అన్నది "నేరుగా", 24 అన్నది "మొత్తం". రెండూ నికరమే, రెండూ స్థూలమే.

30 సంగతి వేరు. ప్రశ్నలో "పైరువిక్ ఆమ్లం నుంచి" అని ఉంటే మధ్య చర్యలో వచ్చే రెండు ఎన్ఏడీహెచ్‌ల 6 కూడా కలుస్తాయి. "అసిటైల్ కో ఎంజైమ్ ఎ నుంచి" అని ఉంటే కలవవు.

మొదట్లో చెప్పిన ముగ్గురికీ 36 ఎలా వచ్చింది?

ఈ పేజీ రాయడానికి కారణమే ఇది కాబట్టి నిదానంగా చెబుతాను.

మొదటి అమ్మాయి దారి సరైనది. గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్‌లో కణద్రవ్యంలోని ఎన్ఏడీహెచ్ తన ఎలక్ట్రాన్లను మైటోకాండ్రియాలో ఎఫ్ఏడీకి అప్పగిస్తుంది. అందువల్ల దాని విలువ 3 నుంచి 2కు తగ్గుతుంది. గ్లైకాలసిస్ నికరం 2, రెండు ఎన్ఏడీహెచ్‌లకు 4, కలిపి 6. మధ్య చర్య 6, వలయం 24. మొత్తం 36.

రెండో అబ్బాయి షటిల్ మాట పట్టించుకోలేదు. గ్లైకాలసిస్ నికరం 8 అని సరిగ్గానే రాసి, మధ్య చర్యకు 6 వేసి, వలయం దగ్గర 24లోంచి "ఖర్చు 2" అని తీసి 22 రాశాడు. 8, 6, 22 కలిపితే 36. లేని ఖర్చును తీశాడు.

మూడో అబ్బాయి కూడా షటిల్‌ను వదిలేశాడు. అతను ముందు ఒక మూడు కార్బన్ల ముక్కకు లెక్క కట్టాడు: నేరుగా 2, ఎన్ఏడీహెచ్‌కు 3, మొత్తం 5. అందులోంచి ఖర్చు 2 తీసి 3 అన్నాడు. ముక్కలు రెండు కాబట్టి 6 అన్నాడు. తర్వాత 6, 24 సరిగ్గా కలిపాడు. మళ్లీ 36. ఇక్కడ జరిగింది ఏమిటంటే, గ్లూకోజ్‌కు ఒకేసారి అయిన ఖర్చును రెండు ముక్కలకూ విడివిడిగా వేసి రెట్టింపు చేశాడు. రాబడిని రెండుతో గుణించాలి, ఖర్చును గుణించకూడదు. ఐదు రెళ్లు పది, పదిలోంచి రెండు తీస్తే ఎనిమిది.

షటిల్ వల్ల తగ్గేది 2. ఖర్చును మరోసారి తీస్తే తగ్గేదీ 2. అందుకే సరైన దారీ తప్పుడు దారులూ ఒకే అంకె దగ్గర కలిశాయి. ఆ ప్రశ్నలో లోపం నాదే. తప్పు చేసినవారిని వేరు చేయలేని ప్రశ్న వేశాను. ఇప్పుడు గ్లైకాలసిస్, మధ్య చర్య, వలయం విడివిడిగా రాయమని అడుగుతున్నాను.

నేను ఈ తప్పు చేస్తున్నానో లేదో నాకెలా తెలుస్తుంది?

మీరు వాడిన పద్ధతితోనే ఆక్సిజన్ లేని ఈస్ట్ కణానికి లెక్క కట్టి చూడండి. అక్కడ ఎన్ఏడీహెచ్‌ల నుంచి ఏటీపీ రాదు, నేరుగా వచ్చేదే గతి. సరైన లెక్కలో 4 వచ్చి 2 పోయి 2 మిగులుతాయి. ఖర్చును రెట్టింపు చేసే అబ్బాయి పద్ధతిలో ముక్కకు 2 వచ్చి 2 పోతాయి, మిగిలేది సున్నా. గ్లూకోజ్‌ను పులియబెట్టి ఈస్ట్‌కు ఏమీ మిగలకపోతే అది బతకదు. కానీ బతుకుతోంది, పెరుగుతోంది కూడా. సున్నా వచ్చిందంటే మీ తీసివేత తప్పు చోట ఉందన్న మాట.

వలయంలో 2 తీసే అలవాటు ఈ పరీక్షలో దొరకదు, ఎందుకంటే ఈస్ట్ లెక్క వలయం దాకా రాదు. దానికి ఒక్క అసిటైల్ కో ఎంజైమ్ ఎతో లెక్క కట్టండి. 12 రావాలి. 11 గానీ 10 గానీ వస్తే ఏ మెట్టులో ఏ ఎంజైమ్ ఆ ఏటీపీని వాడుకుందో పేరు రాయడానికి ప్రయత్నించండి. రాయలేరు, అలాంటి మెట్టు లేదు కనుక.

38 అంటే నికరమా, స్థూలమా?

పుస్తకం లెక్కలో నికరం. అదే లెక్కలో స్థూలం 40. అయితే గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్ ఉన్నప్పుడు నికరం 36 కాబట్టి, దాని స్థూలం 38 అవుతుంది. ఐచ్ఛికాల్లో 36, 38, 40 మూడూ ఉంటే అంకెను గుర్తుపట్టి జవాబు పెట్టడం ప్రమాదం. ముందు షటిల్ ఏదో చూడండి, ఆ తర్వాత స్థూలమా నికరమా చూడండి.

షటిల్ పేరు చెప్పకపోతే పుస్తకం ఊహనే తీసుకోండి: గ్లైకాలసిస్ ఎన్ఏడీహెచ్‌లు మైటోకాండ్రియాలోకి చేరి ఒక్కొక్కటి 3 ఇస్తాయి, మధ్యలో ఏ పదార్థమూ వేరే అవసరానికి మళ్లదు, గ్లూకోజ్ ఒక్కటే ఇంధనం. జీవకణంలో ఇలా కచ్చితంగా జరగదని పుస్తకమే చెబుతుంది. కానీ లెక్క వేయడానికి ఒక ఒప్పందం కావాలి.

గ్రాముల్లో ఇస్తే? "45 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా ఆక్సీకరణం చెందితే నికర ఏటీపీ మోల్‌లు ఎన్ని?"

గ్లూకోజ్ అణుభారం 180. కాబట్టి 45 గ్రాములు అంటే పావు మోల్, 0.25.

స్థూలం: 40ని 0.25తో గుణిస్తే 10 మోల్‌లు. ఇక్కడి దాకా అందరూ బాగానే వస్తారు. తర్వాత "ఖర్చు 2" అని గుర్తొచ్చి 10లోంచి 2 తీసి 8 రాస్తారు. ఆ 2 అన్నది ఒక పూర్తి మోల్ గ్లూకోజ్‌కు అయ్యే ఖర్చు. పావు మోల్‌కు అయ్యేది 0.5 మాత్రమే. నికరం 9.5 మోల్‌లు.

విడదీసి సరిచూద్దాం. గ్లైకాలసిస్ నికరం 8లో పావు వంతు 2. మధ్య చర్య 6లో పావు వంతు 1.5. వలయం 24లో పావు వంతు 6. కలిపితే 9.5. సరిపోయింది. ఇలా రెండు వైపుల నుంచి వచ్చి కలిసే అలవాటు చేసుకుంటే, పరీక్షలో అర నిమిషం ఎక్కువ పట్టినా తప్పు మీ కళ్ల ముందే పట్టుబడుతుంది.

అణువుల సంఖ్య ఎక్కువైనప్పుడు కూడా ఇదే తప్పు తిరగబడి కనిపిస్తుంది. మూడు గ్లూకోజ్ అణువులకు స్థూలం 120. ఖర్చు 6 తీస్తే 114. కొందరు 2 మాత్రమే తీసి 118 అంటారు.

గ్లూకోజ్ కాకుండా మధ్యలో ఉన్న పదార్థం నుంచి మొదలుపెడితే?

ఖర్చు మెట్లలో ఎన్ని వెనకబడ్డాయో చూడండి. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌తో మొదలైతే హెక్సోకైనేజ్ మెట్టు దాటిపోయింది, ఒక ఏటీపీ మాత్రమే ఖర్చవుతుంది, నికరం 39. ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫేట్‌తో మొదలైతే రెండూ దాటిపోయాయి, ఖర్చు లేదు, నికరమూ స్థూలమూ రెండూ 40. గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ ఒక్కటి ఇస్తే అందులో సగం, 20. ఒక పైరువిక్ ఆమ్లానికి 15.

కండరంలోని గ్లైకోజన్ నుంచి ఒక గ్లూకోజ్ ప్రమాణం విడిపోయినప్పుడు ఇది నిజంగానే జరుగుతుంది. అక్కడ ఫాస్ఫారిలేజ్ ఏటీపీ వాడకుండా, కణంలో ఉన్న ఫాస్ఫేట్‌నే తగిలించి గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌గా విడదీస్తుంది. అది గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మారి మార్గంలో చేరుతుంది. కాబట్టి ఆ కండరం అవాయు శ్వాసక్రియ చేసినా ప్రమాణానికి నికరంగా మిగిలేది 3 ఏటీపీలు, 2 కాదు.

కిణ్వనంలో కూడా రెండు ఎన్ఏడీహెచ్‌లు వస్తాయి కదా, వాటికి 6 ఎందుకు కలపకూడదు?

వస్తాయి, కానీ మిగలవు. ఈస్ట్‌లో ఎసిటాల్డిహైడ్‌ను ఇథైల్ ఆల్కహాల్‌గా మార్చడానికి ఆ రెండూ తిరిగి వాడుకైపోతాయి. లాక్టిక్ ఆమ్లం తయారయ్యే చోట పైరువిక్ ఆమ్లమే వాటిని తీసుకుంటుంది. కాబట్టి స్థూలం 4, నికరం 2, అంతే.

కల్లు గురించి ఒక లెక్క వేసి చూపిస్తాను, మన తాటిచెట్ల ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఇది వెంటనే పట్టుబడుతుంది. చెట్టు నుంచి దిగిన తీపి నీరాలో ప్రధానంగా ఉండేది సుక్రోజ్. ఈస్ట్ కణం వెలుపలే ఇన్వర్టేజ్ దాన్ని నీటి సాయంతో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడదీస్తుంది. ఈ మెట్టులో ఏటీపీ రాదు, పోదు. తర్వాత రెండు హెక్సోజ్‌లూ విడివిడిగా గ్లైకాలసిస్‌లోకి వెళతాయి. ఫ్రక్టోజ్‌కు కూడా ఖర్చు రెండే. కాబట్టి ఒక సుక్రోజ్‌కు స్థూలం 8, ఖర్చు 4, నికరం 4. అదే సుక్రోజ్‌కు పూర్తి వాయుసహిత శ్వాసక్రియ జరిగితే స్థూలం 80, నికరం 76. "సుక్రోజ్ ఒక్కటే అణువు కదా" అని ఖర్చు 2 మాత్రమే తీసి 78 రాసినవాళ్లు ప్రతి సంవత్సరం ఉంటారు.

కొత్త పుస్తకాల్లో 30, 32 అంటున్నారు. అక్కడ కూడా ఈ చిక్కు ఉందా?

ఉంది, అచ్చంగా ఇదే చిక్కు. ఒక ఎన్ఏడీహెచ్ వల్ల మైటోకాండ్రియా లోపలి త్వచం దాటి 10 ప్రోటాన్లు బయటికి వెళతాయని, ఒక ఏటీపీ తయారై కణద్రవ్యానికి చేరడానికి 4 ప్రోటాన్లు లోపలికి రావాలని లెక్కించి 2.5 అన్నారు. ఎఫ్ఏడీహెచ్2కు 6 ప్రోటాన్లు, అంటే 1.5. ఈ విలువలతో వలయం 20, మధ్య చర్య 5. గ్లైకాలసిస్ నికరం మాలేట్ షటిల్‌తో 7, గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్‌తో 5. మొత్తాలు 32, 30.

ఖర్చు మాత్రం మారలేదు, అదే 2. కాబట్టి స్థూలాలు 34, 32. ఇక్కడ 32 ఒక షటిల్‌కు నికరం, మరో షటిల్‌కు స్థూలం. పాత లెక్కలో 38 చేసిన పనినే ఇక్కడ 32 చేస్తోంది.

పాత విలువలూ కొత్త విలువలూ ఒకే లెక్కలో కలపకండి. వలయానికి 24, గ్లైకాలసిస్‌కు 7 అని రాసిన పేపర్లు నేను దిద్దాను.

ప్రశ్నలో స్థూలం అనీ లేదు, నికరం అనీ లేదు. ఏం చేయాలి?

"లాభం", "మిగులు" లాంటి మాట ఉంటే నికరం. "ఉత్పత్తి అయినవి", "తయారైనవి" అని ఉంటే స్థూలం. ఏ మాటా లేకపోతే నికరం తీసుకోవడమే వాడుక. రాత పరీక్ష అయితే ఖర్చును ఒక వరసలో విడిగా చూపించండి, దిద్దేవారికి మీ దారి కనిపిస్తుంది.

శ్వాసక్రియ సామర్థ్యం శాతం కట్టేటప్పుడు 40 వాడాలా, 38 వాడాలా?

38. ఒక మోల్ గ్లూకోజ్ పూర్తిగా ఆక్సీకరణం చెందితే విడుదలయ్యే శక్తి సుమారు 686 కిలోకేలరీలు. ప్రామాణిక పరిస్థితుల్లో ఒక మోల్ ఏటీపీ జలవిశ్లేషణ వల్ల వచ్చేది 7.3 కిలోకేలరీలు. 38ని 7.3తో గుణిస్తే 277.4, అది 686లో సుమారు 40.4 శాతం. 40 ఏటీపీలతో కడితే సుమారు 42.6 శాతం వస్తుంది. ఆ అదనపు సుమారు రెండు శాతంలో ఉన్నది కణం తన జేబులోంచి ముందుగా పెట్టిన రెండు ఏటీపీలు. అవి ఆ గ్లూకోజ్ ఇచ్చినవి కావు, అంతకుముందు ఎప్పుడో కాలిన మరో గ్లూకోజ్ ఇచ్చినవి.